మూడు రోజుల లెక్కల వర్క్‌షాప్ నివేదిక చిత్తుప్రతి: నాలుగు స్థాయిల్లో రాశాను, తప్పులుంటే చెప్పండి

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఒక మండలంలో సీఆర్‌పీగా పని చేస్తున్నాను. సెప్టెంబరు మొదటి వారంలో మూడు, నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్పే ఎస్‌జీటీలకు మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టాం. అంశం ఒక్కటే, అరువు తెచ్చుకునే తీసివేతలు. కట్టలు, పుల్లలు పెట్టి స్థాన విలువ అర్థమయ్యేలా ఎలా చెప్పాలన్నదే మూడు రోజులూ.

ఇప్పుడు నివేదిక ఇమ్మన్నారు. "ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చయింది అని రాసి పంపకు, కిర్క్‌పాట్రిక్ పద్ధతిలో నాలుగు స్థాయిల్లో రాయి" అన్నారు పై సార్. వెతికి చదువుకున్నాను. 1959లో అమెరికాలో మొదలైన పద్ధతట. శిక్షణ నచ్చిందా, ఏం నేర్చుకున్నారు, పనిలోకి వెళ్లాక చేస్తున్నారా, దాని వల్ల చివరికి ఏం ఒరిగింది, ఇవే ఆ నాలుగు. నేను రాసింది కింద పెడుతున్నాను. సోమవారం లోపు పంపాలి.

స్పందన: హాజరైన 36 మంది ఉపాధ్యాయులు అభిప్రాయ పత్రాలు నింపారు. వర్క్‌షాప్‌కు 5కి సగటున 4.6 వచ్చింది. భోజనానికి 3.2.

నేర్చుకున్నది: మొదటి రోజు ఉదయం, మూడో రోజు సాయంత్రం 10 మార్కుల పరీక్ష పెట్టాం. సగటు 5.5 నుంచి 7.6కు పెరిగింది. అంటే 38 శాతం వృద్ధి.

ప్రవర్తన: నవంబరులో 12 బడుల్లో ఒక్కో తరగతి పరిశీలించాం. 10 చోట్ల కట్టలు, పుల్లలతోనే బోధన జరిగింది. అంటే 83 శాతం.

ఫలితాలు: ఆగస్టు చివర్లో, మళ్లీ డిసెంబరు మొదటి వారంలో పిల్లలకు నాలుగు తీసివేతలు ఇచ్చాం. కనీసం మూడు సరిగ్గా చేసినవాళ్లు 28 శాతం నుంచి 41 శాతానికి పెరిగారు. వర్క్‌షాప్ వల్ల 13 శాతం మెరుగుదల.

ఇంతే. పంపేయొచ్చా?

ట్రైనింగ్ సురేశ్ · డిసెంబరు 14, రాత్రి 10:05

చాలా బాగుంది మేడమ్. నేను ఒక కంపెనీలో ట్రైనింగ్ విభాగం చూస్తాను, ఈ పద్ధతి మాకు రోజూ ఉండేదే. నాలుగూ మెట్ల లాంటివి. కింది మెట్టు గట్టిగా ఉంటేనే పై మెట్టు ఎక్కగలం. మీకు స్పందనలో 4.6 వచ్చిందంటే పునాది గట్టిగా పడ్డట్టే, మిగతా మూడూ వాటంతట అవే వస్తాయి. పెట్టిన ఖర్చుకు ఎంత లాభం వచ్చిందో కూడా ఒక లైను కలపండి. జాక్ ఫిలిప్స్ అని ఒకాయన దాన్నే ఐదో స్థాయిగా పెట్టాడు. పైవాళ్లకు అది బాగా నచ్చుతుంది.

లెక్కల పిచ్చి · డిసెంబరు 14, రాత్రి 10:31

పంపేయకండి. ముందు ఒక్కటి చెప్పండి. మొదటి పరీక్ష ఎంతమంది రాశారు, రెండోది ఎంతమంది రాశారు?

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 14, రాత్రి 10:44

మొదటిది 36 మంది, రెండోది 30 మంది సార్. ఆరుగురు మూడో రోజు భోజనాలయ్యాక వెళ్లిపోయారు. వాళ్ల ఊళ్లకు మూడున్నర బస్సు పోతే మళ్లీ రాత్రికే.

లెక్కల పిచ్చి · డిసెంబరు 14, రాత్రి 10:52

అదే అనుకున్నా. పేపర్ల మీద పేర్లో నంబర్లో ఉంటే, రెండూ రాసిన ముప్పై మందినే పక్కకు తీసి సగటు కట్టండి. వెళ్లిపోయిన ఆరుగురికి మొదటి పరీక్షలో ఎన్నొచ్చాయో విడిగా చూడండి.

భవాని టీచర్ · డిసెంబరు 15, ఉదయం 6:58

గుడ్ మార్నింగ్. ఇలాంటి మూడు రోజుల వర్క్‌షాప్‌కి సర్టిఫికెట్ ఇస్తారా అండీ? ఏడాదికి 50 గంటల ట్రైనింగ్ ఉండాలని మా ప్రిన్సిపల్ మేడమ్ అంటున్నారు. మాది ప్రైవేట్ స్కూల్. మేము కూడా రావచ్చా? గంటలు ఎలా లెక్కేస్తారు?

పాత డైట్ మాస్టారు · డిసెంబరు 15, ఉదయం 7:30

భవాని గారూ, 50 గంటల మాట 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. కానీ ఇక్కడ అడుగుతున్నది వేరమ్మా. ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కాదు, కూర్చుని లేచాక ఏమైందన్నది. గంటల సంగతికి వేరే చర్చ మొదలుపెట్టండి, తెలిసినవాళ్లు చెబుతారు.

సీఆర్‌పీ అమ్మాయికి రెండు మాటలు. ముందు సురేశ్ గారు అన్న మెట్ల సంగతి. పై నుంచి కిందికి ఆలోచించాలన్నది ఆ పద్ధతి అసలు ఉద్దేశం. పిల్లల్లో ఏం మారాలి, దానికి టీచరు తరగతిలో ఏం చేయాలి, దానికి ఏం తెలియాలి అని వెనక్కి వస్తూ శిక్షణ అల్లుకోవాలి. కొలిచేటప్పుడు కింది నుంచి పైకి. అంతేగాని కిందిది బాగుంటే పైది దానంతట అదే వస్తుందన్న హామీ ఎక్కడా లేదు. 1989లోనూ, మళ్లీ 1997లోనూ అలిగర్ అనే పరిశోధకుడు తోటివాళ్లతో కలిసి దీన్ని పట్టి చూశాడు. నచ్చిందని చెప్పడానికీ నేర్చుకోవడానికీ సంబంధం చాలా పలచనని తేలింది. "నా పనికి పనికొస్తుంది" అన్న జవాబుకు మాత్రం కాస్త ఎక్కువ సంబంధం కనబడింది. ముప్పై ఏళ్లు శిక్షణలిచ్చిన వాణ్ణి, నా అనుభవమూ అదే. బాగా జోకులు వేసిన ఆర్పీకి 4.8 వస్తుంది. చెమటలు పట్టేలా లెక్కలు చేయించిన వాడికి 3.9.

రెండోది, మీ అభిప్రాయ పత్రంలో ఏమేం అడిగారు? దాని మీద పేరు రాయించారా?

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 15, మధ్యాహ్నం 1:15

పేరు, బడి, ఫోన్ నంబరు మూడూ రాయించాం సార్. సెషన్ తీసుకున్న ఆర్పీ సారే తిరిగి వసూలు చేశారు. ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది. ఆయన కళ్లెదుట ఎవరు మూడు వేస్తారు? భోజనానికి 3.2 పడిందంటే అది వండినవాళ్లు అక్కడ లేరు కాబట్టే.

చివర్లో "సోమవారం తరగతిలో ఏం చేస్తారు" అని ఒక ప్రశ్న ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు తీసి చదివాను. 36 మందిలో 21 మంది "వర్క్‌షాప్‌లో నేర్చుకున్నవి అమలు చేస్తాను" అనే రాశారు. తొమ్మిది మంది మాత్రం విడమరిచి రాశారు. ఒకావిడ "నాలుగో తరగతిలో కట్ట విప్పడం చూపించకుండా అరువు అన్న మాట వాడను" అని రాసింది. మిగతా ఆరుగురూ ఖాళీగా వదిలేశారు.

లెక్కల పిచ్చి గారూ, మీరు చెప్పినట్టు చేశాను. పరీక్ష పేపర్ల మీద నంబర్లున్నాయి. రెండూ రాసిన ముప్పై మందికి మొదటి సగటు 6.0. వెళ్లిపోయిన ఆరుగురికి 3.0.

లెక్కల పిచ్చి · డిసెంబరు 15, మధ్యాహ్నం 1:40

అయితే అసలు పెరిగింది 6.0 నుంచి 7.6కే. 1.6 మార్కులు. మీరు రాసిన 2.1లో అర మార్కు ఆరుగురు బస్సెక్కడం వల్ల వచ్చింది. ఎవరూ ఏమీ నేర్చుకోకపోయినా, తక్కువ మార్కుల వాళ్లు లేచి వెళ్లిపోతే సగటు పెరుగుతుంది.

38 శాతం వృద్ధి అన్న మాట తీసేయండి. 10కి 6 నుంచి 7.6 అని రాస్తే చదివేవాడికి అర్థమవుతుంది.

ఐదు తరగతులు ఒకే గది · డిసెంబరు 15, సాయంత్రం 5:20

నేను ఏకోపాధ్యాయ బడిలో ఎస్‌జీటీని. మీ మండలం కాదు. ఆ ఆరుగురి గురించి ఒక మాట చెప్పాలి. "తక్కువ మార్కుల వాళ్లు లేచి వెళ్లిపోయారు" అంటే చదవడానికి ఇష్టం లేనివాళ్లన్నట్టు వినిపిస్తోంది. మూడున్నర బస్సు ఎవరికి? దూరపు తండాల్లో, గూడేల్లో పనిచేసేవాళ్లకు. అక్కడ ఒక్కరే టీచరు ఉంటారు. పక్క టీచరును అడిగి తెలుసుకునే వీలుండదు, అందుకే మార్కులు తక్కువొచ్చి ఉంటాయి. వర్క్‌షాప్ ఎక్కువ అవసరమైనవాళ్లకే చివరి పూట అందలేదు. నివేదికలో అది రాయాలి, వాళ్లను లెక్కలోంచి తీసేసి చేతులు దులుపుకోకూడదు.

లెక్కల పిచ్చి · డిసెంబరు 15, సాయంత్రం 5:48

నిజమే మేడమ్. లెక్కలోంచి తీయమన్నాను గాని కథలోంచి తీయమనలేదు. రెండూ రాయాలి.

పాత డైట్ మాస్టారు · డిసెంబరు 15, రాత్రి 8:10

పరీక్ష పేపరు కూడా పెట్టమ్మా. మార్కులకన్నా ప్రశ్నలే ఎక్కువ చెబుతాయి.

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 15, రాత్రి 8:55

పది ప్రశ్నలు సార్. తొమ్మిది ఇలాంటివి: ముఖ విలువకూ స్థాన విలువకూ తేడా ఏమిటి, 4,070ని విస్తరణ రూపంలో రాయండి, 600 - 258 ఎంత, మూర్త వస్తువుల నుంచి అమూర్తానికి వెళ్లే క్రమం రాయండి. పదోది వేరు. "ఒక పిల్లవాడు 302 - 147 = 245 అని రాశాడు. అతను ఎలా ఆలోచించాడు? తర్వాత మీరేం చేయిస్తారు?" రెండు సార్లూ ఇదే పేపరు ఇచ్చాం.

పాత డైట్ మాస్టారు · డిసెంబరు 15, రాత్రి 9:30

అసలు ప్రశ్న ఆ పదోది ఒక్కటే. ముప్పై మందిలో ఎందరు రాశారు, ముందెంత, తర్వాతెంత?

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 15, రాత్రి 10:20

విడిగా లెక్కపెట్టాను. ముందు 11 మంది, తర్వాత 13 మంది.

లెక్కల పిచ్చి · డిసెంబరు 15, రాత్రి 10:26

ముప్పై మంది, తలా 1.6. మొత్తం పెరిగింది 48 మార్కులు. అందులో పదో ప్రశ్న వాటా 2. మిగతా 46 నిర్వచనాల నుంచీ వాళ్లు ఎప్పుడో చదువుకున్న లెక్కల నుంచీ వచ్చాయి. అదీ ఒకే పేపరు రెండుసార్లు ఇచ్చాక.

పాత డైట్ మాస్టారు · డిసెంబరు 16, ఉదయం 6:15

పొద్దున్నే దీని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి.

302 - 147కు 245 రాసిన పిల్లవాడు అరువు మరిచిపోలేదు. వాడికి అసలు ఆ సంగతే లేదు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీశాడు, 5. 0 లోంచి 4 పోదు, 4 లోంచి 0 తీశాడు, 4. 3 లోంచి 1 తీస్తే 2. ఏ గడిలోనైనా పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్నది వాడు కట్టుకున్న నియమం. ఇదే లెక్కకు ఇంకొకడు 165 రాస్తాడు. వాడికి అరువు తెలుసు. 2ను 12 చేశాడు, 0ను 10 చేశాడు, 3ను 2 చేశాడు. ఒక్క వంద తెచ్చి పదుల గడికి పూర్తిగా ఇచ్చేశాడు, మళ్లీ ఒకట్ల గడికీ ఇచ్చాడు. పదుల గడిలో 9 మిగలాలన్నది వాడికి తట్టలేదు.

టీచరు ఎర్ర ఇంకుతో రెండింటినీ కొట్టేసి 155 అని రాస్తే ఇద్దరూ ఒకటే అవుతారు. కానీ మొదటివాడి చేత 42 లోంచి 17 పుల్లలు నిజంగా తీయించాలి. చేతిలో విడిపుల్లలు రెండే ఉంటే వాడు కట్ట విప్పక తప్పదు. రెండోవాడికి అది చాలదు. వంద కట్ట విప్పి పది పదులు చేయించాలి, అందులో ఒక పదిని మళ్లీ విప్పించాలి, మిగిలిన తొమ్మిది కట్టలు వాడి చేతే లెక్కపెట్టించాలి.

మీ వర్క్‌షాప్ నేర్పాలనుకున్నది ఈ తేడాను పట్టుకోవడం. మీ పరీక్ష కొలిచింది మరొకటి. కాబట్టి నేర్చుకున్నది అన్న భాగంలో 7.6 గురించి ఒక్క వాక్యం చాలు. "పిల్లవాడి తప్పు వెనక ఆలోచన పట్టుకోగలిగినవారు 11 నుంచి 13కే పెరిగారు" అన్నది ముందు రావాలి. వచ్చేసారి పరీక్షలో ఆరు ప్రశ్నలైనా ఇలా పిల్లల జవాబుల మీద పెట్టండి. రెండోసారి అంకెలు మార్చండి. వీలైతే నెల తర్వాత కాంప్లెక్స్ మీటింగ్‌లో పది నిమిషాలు మళ్లీ పెట్టండి. మూడో రోజు సాయంత్రం గుర్తున్నది నెలకు ఎంత మిగిలిందో అప్పుడు తెలుస్తుంది.

ట్రైనింగ్ సురేశ్ · డిసెంబరు 16, ఉదయం 9:02

మాస్టారూ, మెట్ల మాట వెనక్కి తీసుకుంటున్నా. మాకూ అంతే, ఫారమ్‌లో అయిదుకు అయిదు వేసినవాళ్లే మూడు నెలల తర్వాత పాత పద్ధతిలో పని చేస్తూ దొరుకుతారు. కాకపోతే ఒకటుంది. రిపోర్టు చదివే పై అధికారికి మూడు నిమిషాల టైముంటుంది. 83 శాతం అంటే ఆగి చూస్తాడు. 11 నుంచి 13 అంటే వచ్చే ఏడాది బడ్జెట్ కట్ చేస్తాడు. మేడమ్ ఉద్యోగం చేసుకోవాలి కదా.

ఐదు తరగతులు ఒకే గది · డిసెంబరు 16, సాయంత్రం 4:45

ఆ 83 శాతం సంగతే అడగాలనుకుంటున్నా. పరిశీలనకు వస్తున్నామని ముందే ఫోన్ చేశారా చెల్లీ?

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 16, సాయంత్రం 5:30

చేశాం అక్కా. టీచరు సెలవులో ఉంటే అంత దూరం వెళ్లడం వృథా అని ముందు రోజు సాయంత్రం చెప్పేవాళ్లం.

ఐదు తరగతులు ఒకే గది · డిసెంబరు 16, సాయంత్రం 5:41

అయితే ఆ సాయంత్రమే బీరువా తెరిచి ఉంటారు. నేనూ తెరిచాను ఒకసారి, దాచడం ఎందుకు. ఎవరైనా వస్తున్నారంటే కిట్ బయటికొస్తుంది, వాళ్లు వెళ్లాక లోపలికి పోతుంది. అది మోసం చేయాలని కాదు. వచ్చినవాళ్లు దాన్నే చూడాలనుకుంటారని మాకు తెలుసు.

నిజం తెలియాలంటే పిల్లల నోటుబుక్కులు తిరగేయండి. సెప్టెంబరు నుంచి తేదీలుంటాయి. పుల్లల కట్టల బొమ్మ వేసి తీసివేత చేసిన పేజీలు ఏ ఏ తేదీల్లో ఉన్నాయో చూస్తే చాలు. టీచరును ఏమీ అడగక్కర్లేదు.

లెక్కల పిచ్చి · డిసెంబరు 16, సాయంత్రం 6:15

ఈ ఒక్క సలహా మిగతావన్నిటికన్నా విలువైనది. మేడమ్, గడువు పొడిగించమని అడగండి.

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 22, రాత్రి 9:15

పై సార్‌ని అడిగితే వారం ఇచ్చారు. ఆ 12 బడులకూ మళ్లీ వెళ్లాను, ఈసారి నోటుబుక్కుల కోసం. ఒక్కో తరగతిలో హాజరు పట్టీలో మూడో, ఏడో, పదకొండో నంబరు పిల్లల పుస్తకాలు తీసుకున్నాను. టీచర్లు ఇస్తే మంచి పుస్తకాలే ఇస్తారని.

నాలుగు బడుల్లో కట్టల బొమ్మలున్న పేజీలు ఐదేసి రోజులకు పైగా ఉన్నాయి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అక్కడక్కడా. ఆరు బడుల్లో మేం పరిశీలనకు వెళ్లిన తేదీనే ఉంది, ఒక చోట దాని ముందు రోజు కూడా. రెండు బడుల్లో అసలు లేవు.

అంటే పన్నెండింట్లో నాలుగు. మొదట కళ్లు తిరిగాయి.

పాత డైట్ మాస్టారు · డిసెంబరు 22, రాత్రి 9:50

కళ్లు తిరగాల్సిన పని లేదు. మూడు రోజుల శిక్షణ తర్వాత ఎవరూ వెనక్కి తిరిగి చూడకుండా నాలుగు చోట్ల నిలబడిందంటే తక్కువేమీ కాదు. అయితే ఒక అనుమానం. పుల్లలతో చేయించి, బొమ్మ వేయించని టీచరు కూడా ఉండొచ్చు. నోటుబుక్కు చూపేది నోటుబుక్కులోకి వచ్చినదాన్నే.

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 22, రాత్రి 10:12

నాకూ ఆ అనుమానం వచ్చింది సార్. అందుకే ప్రతి బడిలో ఇద్దరు పిల్లల్ని పిలిచి, పుల్లలిచ్చి, "42 లోంచి 17 తీసి చూపించు" అన్నాను. ఆ నాలుగు బడుల్లో పిల్లలు అడగకుండానే కట్ట రబ్బరు తీశారు. మిగతా ఎనిమిదింట్లో ఒక బడిలో మాత్రం పుస్తకంలో ఏమీ లేకపోయినా ఇద్దరూ చకచకా చేశారు. అక్కడి సార్ పుల్లలు నేల మీదే ఆడిస్తాడట, రాయించడు. మిగతా చోట్ల పిల్లలు కట్టను కట్టగానే పట్టుకుని దిక్కులు చూశారు. కాబట్టి ఐదు అనుకోవచ్చేమో.

డాలస్ టీచరమ్మ · డిసెంబరు 23, ఉదయం 8:20

నేను టెక్సస్‌లో ఎలిమెంటరీ టీచర్ని, ఊరు ఖమ్మం దగ్గర. ఇక్కడ ఐదేళ్లకు 150 గంటల శిక్షణ చూపించాలి, మేమూ ఫారమ్‌లు నింపుతూనే ఉంటాం. టీచర్ల శిక్షణకు కిర్క్‌పాట్రిక్ నాలుగూ చాలవని థామస్ గస్కీ 2000లో ఐదు స్థాయిలు చెప్పాడు. నేర్చుకోవడానికీ చేయడానికీ మధ్య ఒకటి చేర్చాడు: బడి, పైవాళ్లు దానికి చోటిచ్చారా లేదా అని. మీ ఐదు బడుల్లో ఏముంది, ఏడు బడుల్లో ఏం లేదు? ఆ ప్రశ్న మీ నివేదికలో ఎక్కడా లేదు.

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 23, మధ్యాహ్నం 2:05

ఈ ప్రశ్న బాగుంది అక్కా. ఐదింట్లో మూడు బడుల నుంచి ఇద్దరిద్దరు టీచర్లు వచ్చారు. ఒక చోట హెచ్‌ఎం మేడమ్ స్వయంగా మూడు రోజులూ కూర్చున్నారు. ఐదోది ఆ నేల మీద ఆడించే సార్‌ది. ఆయన ఒంటరే, ఎవరు చెప్పినా చెప్పకపోయినా ఆయన తీరే అంత. ఏడింట్లో ఐదు బడుల నుంచి ఒక్కరే వచ్చారు.

ఐదు తరగతులు ఒకే గది · డిసెంబరు 23, సాయంత్రం 5:10

ఇద్దరు వెళ్తే దారిలో మాట్లాడుకుంటారు. ఒకరు మరిచిపోతే ఇంకొకరు గుర్తు చేస్తారు. ఒక్కరు వెళ్తే మర్నాడు బడికొచ్చేసరికి మళ్లీ పాత పనే. ఇంకొకటి, ఎవరు తనిఖీకి వచ్చినా "ఏ పాఠం దాకా వచ్చారు" అనే అడుగుతారు. కట్ట విప్పించి తీసివేత చెప్పాలంటే మూడు రోజులు పట్టేది ఎనిమిది రోజులు పడుతుంది. ఆ ఐదు రోజులు నాకు ఎవరిస్తారు? ఇది రాయండి నివేదికలో.

ట్రైనింగ్ సురేశ్ · డిసెంబరు 23, రాత్రి 8:30

పన్నెండు బడులు చూసి ఇద్దరు వెళ్లడమే కారణం అనేస్తే ఎలా? ఇద్దరు టీచర్లున్న బడి అంటేనే పెద్ద బడి, రోడ్డు పక్క బడి. కారణం అదే కావచ్చు.

లెక్కల పిచ్చి · డిసెంబరు 23, రాత్రి 8:47

సురేశ్ గారూ, ఈసారి మీతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తున్నా. "కనబడింది" అని రాయొచ్చు, "కారణం" అని రాయకూడదు.

ఇక నాలుగోది. మేడమ్, 28 నుంచి 41కి పెరగడం శాతం కాదు, 13 శాతం పాయింట్లు. అంతకన్నా పెద్ద సంగతి, పిల్లలు ఆగస్టు నుంచి డిసెంబరు దాకా బడికెళ్తే ఏ వర్క్‌షాప్ లేకపోయినా కొన్ని తీసివేతలు నేర్చుకుంటారు. వర్క్‌షాప్ జరగని బడుల అంకెలేమైనా ఉన్నాయా?

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 23, రాత్రి 9:20

అదృష్టం కొద్దీ ఉన్నాయి సార్. పక్క కాంప్లెక్స్‌కు కూడా ఇదే వర్క్‌షాప్ అక్టోబరులో పెట్టాలి, జనవరికి వాయిదా పడింది. పిల్లల పరీక్ష మాత్రం రెండు సార్లూ అక్కడా పెట్టారు. అక్కడ 30 నుంచి 39.

లెక్కల పిచ్చి · డిసెంబరు 23, రాత్రి 9:28

అక్కడ ఏమీ చేయకుండానే 9 పెరిగింది. మీ దగ్గర 13. తేడా 4 పాయింట్లు. వర్క్‌షాప్ ఖాతాలో వేయదగ్గది మహా అయితే ఆ నాలుగే. అదైనా నిజమో కాకతాళీయమో ఇన్ని కొద్ది బడులతో తేలదు. పైగా పిల్లల పేపర్లు ఎవరు దిద్దారు?

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 23, రాత్రి 9:35

ఎవరి తరగతివి వాళ్లే.

లెక్కల పిచ్చి · డిసెంబరు 23, రాత్రి 9:37

😐

ఐదు తరగతులు ఒకే గది · డిసెంబరు 24, ఉదయం 7:05

నా బడిలో మూడు నుంచి ఐదు దాకా కలిపి తొమ్మిది మంది. ఒక్క పిల్ల పత్తి ఏరడానికి వెళ్లి పరీక్ష రోజు రాకపోతే నా బడి శాతం పదకొండు అటో ఇటో అయిపోతుంది. చిన్న బడులకు శాతాలు కట్టకండి, "తొమ్మిది మందిలో నలుగురు" అని రాయండి. ఆగస్టులో రాసి డిసెంబరులో రాని పిల్లలు ఎందరో కూడా రాయండి. రానివాళ్లు సాధారణంగా వెనకబడ్డవాళ్లే. ఆ ఆరుగురు టీచర్ల కథే ఇక్కడా.

పాత డైట్ మాస్టారు · డిసెంబరు 24, ఉదయం 7:40

సరిగ్గా చెప్పావమ్మా. ఒక్కటి మాత్రం నేను వేరేగా అంటాను. పన్నెండు బడుల్లో ఏడింటిలో ఆ పద్ధతి తరగతిలోకే రాలేదని తేలాక, పిల్లల మార్కులు పెరగలేదని వర్క్‌షాప్‌ను తప్పు పట్టడం సబబు కాదు, పెరిగాయని పొగడ్డమూ సబబు కాదు. వేయని మందు పనిచేసిందా లేదా అని అడిగినట్టుంటుంది. ఆ ఐదు బడుల పిల్లల్ని విడిగా చూడండి.

లెక్కల పిచ్చి · డిసెంబరు 24, ఉదయం 8:15

మాస్టారూ, అక్కడ నాకు అభ్యంతరం. ఆ ఐదుగురు టీచర్లు వర్క్‌షాప్ లేకపోయినా బాగా చెప్పేవాళ్లేమో. వాళ్లను ఏరుకుని చూస్తే ఫలితం ఎప్పుడూ బాగానే కనబడుతుంది.

పాత డైట్ మాస్టారు · డిసెంబరు 24, ఉదయం 8:33

కావచ్చు. అయినా చూడమనే అంటాను. నిర్ధారణ కోసం కాదు, వచ్చేసారి ఎక్కడ వెతకాలో తెలియడానికి.

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 27, రాత్రి 10:30

ఇవాళ పంపాను. చివరికి ఇలా అయింది. సురేశ్ సార్ మాట విని మూడు నిమిషాల్లో చదవగలిగేంతే ఉంచాను.

"స్పందన: అభిప్రాయ పత్రాలు పేర్లతో, శిక్షకుని సమక్షంలో తీసుకున్నందున 4.6 సగటుకు విలువ ఇవ్వలేము. తరగతిలో ఏం చేస్తారో స్పష్టంగా రాసినవారు 36లో 9 మంది.

నేర్చుకున్నది: పిల్లవాడి తప్పు వెనక ఆలోచనను గుర్తించగలిగినవారు రెండు పరీక్షలూ రాసిన 30 మందిలో 11 నుంచి 13కు పెరిగారు. మొత్తం మార్కుల సగటు 6.0 నుంచి 7.6. ఒకే పేపరు రెండుసార్లు ఇచ్చాము. బస్సు వేళ వల్ల దూరపు బడుల టీచర్లు ఆరుగురు చివరి పూట లేరు. మొదటి పరీక్షలో వారి సగటు 3.0.

ప్రవర్తన: ముందుగా చెప్పి వెళ్లినప్పుడు 12లో 10 తరగతుల్లో పుల్లలు కనబడ్డాయి. నోటుబుక్కులు, పిల్లల చేతిపని చూస్తే 5 బడుల్లోనే వాడుక నిలిచింది. వాటిలో 3 బడుల నుంచి ఇద్దరేసి టీచర్లు హాజరయ్యారు. సిలబస్ వేగం గురించి టీచర్ల అభ్యంతరం జతచేశాము.

ఫలితాలు: శిక్షణ జరిగిన బడుల్లో 28 నుంచి 41 శాతానికి, జరగని పక్క కాంప్లెక్స్‌లో 30 నుంచి 39 శాతానికి పెరిగింది. పేపర్లు సొంత టీచర్లే దిద్దారు. ఈ తేడాను వర్క్‌షాప్ ఫలితంగా చెప్పలేము. పక్క కాంప్లెక్స్‌కు జనవరిలో శిక్షణ ఇచ్చే ముందు పిల్లల పేపర్లు బడులు మార్చి దిద్దించాలని, ప్రతి బడి నుంచి ఇద్దరిని పిలవాలని, మూడో రోజు రెండున్నరకే ముగించాలని కోరుతున్నాము."

ట్రైనింగ్ సురేశ్ · డిసెంబరు 27, రాత్రి 10:52

బాగుంది. పై సార్ ఏమన్నారు?

కట్టలూ పుల్లలూ · డిసెంబరు 28, మధ్యాహ్నం 12:40

"ఇందులో విజయం ఎక్కడుందమ్మా" అన్నారు. తర్వాత నోటుబుక్కుల సంగతి రెండుసార్లు అడిగారు. రెండున్నరకు ముగించడానికి ఒప్పుకున్నారు. ఇద్దరిద్దరిని పిలవడం కుదరదన్నారు, ఏకోపాధ్యాయ బడులు మూతపడతాయని.

ఐదు తరగతులు ఒకే గది · డిసెంబరు 28, సాయంత్రం 6:02

మాలాంటి బడుల నుంచి ఇద్దరు ఎక్కడ దొరుకుతారు, ఆయన అన్నదీ నిజమే. దగ్గర దగ్గర ఉన్న రెండు ఏకోపాధ్యాయ బడుల్ని జత చేసి వేర్వేరు విడతల్లో పిలిస్తే? మొదట వెళ్లినావిడ రెండో ఆవిడకు ఫోన్‌లో చెబుతుంది. కుదురుతుందో లేదో తెలియదు, మా పక్క ఊరి టీచరును అడిగి చూస్తాను.

అన్నట్టు చెల్లీ, కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేస్తున్నారా? ఎండాకాలానికి అన్నీ తెగి పుల్లలకు అంటుకుపోతాయి. ఆ ఆరు బడుల్లో కిట్ బీరువాలోంచి బయటికి రాకపోవడానికి అది కూడా ఒక కారణమేమో చూడండి. నేను పాత సైకిల్ ట్యూబు రింగులుగా కోసి వేస్తున్నా, రెండేళ్లయింది, ఇంకా బాగున్నాయి.